డబ్బు పెట్టినవాళ్లకు నెలనెలా రాసే లెక్క

"అందరికీ నమస్తే! ఈసారి కాస్త ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి. ఆగస్టు మాత్రం అదిరిపోయింది. 500 షాపులు దాటేశాం! వరంగల్ టీం రాత్రనకా పగలనకా తిరిగింది, వాళ్లని ఎంత మెచ్చుకున్నా తక్కువే. ఒక్క నెలలో 14 లక్షలు వసూలు చేశాం, ఇది మా రికార్డు. ఖర్చులు దాదాపు వచ్చేసినట్టే. విజయవాడ వైపు కొంచెం నెమ్మదిగా ఉంది, సర్దుకుంటుంది. ఒక పెద్ద మందుల షాపుల చైన్‌తో మాటలు చివరి దశలో ఉన్నాయి, దేవుడి దయ ఉంటే వచ్చే నెల శుభవార్త చెప్తాం. మా టెక్నాలజీ హెడ్ కొత్త ప్రయాణం మొదలుపెడుతున్నాడు, ఆయనకు శుభాకాంక్షలు. మీకు తెలిసిన మంచివాళ్లెవరైనా ఉంటే పరిచయం చేయండి. మీ ఆశీస్సులే మా బలం!"

స్టార్టప్‌లలో డబ్బు పెట్టిన వాళ్లకు ఈ ధోరణి మెయిళ్లు బాగా అలవాటే. పైన ఉన్న మెయిలూ, దాన్ని రాసిన కంపెనీ, ఈ వ్యాసంలో దాని అంకెలూ వివరణ కోసం కల్పించుకున్నవి. హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ ఉందనుకుందాం. మందుల షాపులకు బిల్లింగ్, స్టాకు, ఎక్స్‌పైరీ తేదీలు చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను నెలకు 1,000 రూపాయల చందాకు ఇస్తుంది. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ ఉన్నవాళ్లు కొందరు, అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్లు కొందరు, తమ సొంత పొదుపులోంచి తలా కొంత పెట్టారు. వీళ్లనే ఏంజెల్ ఇన్వెస్టర్లు అంటారు. వాళ్లలో చాలామందికి కంపెనీ బోర్డులో కుర్చీ ఉండదు. కంపెనీ ఎలా నడుస్తోందో వాళ్లకు తెలిసే దారి నెలకోసారి వచ్చే ఈ మెయిలే.

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఫౌండర్ రాసినవన్నీ జరిగాయి. అయినా మెయిల్ చదివాక మూడు ప్రశ్నలకు జవాబు దొరకదు. చేతిలో ఉన్న డబ్బు ఎన్ని నెలలు వస్తుంది? కంపెనీకి ఇప్పుడు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ఏది? చదివినవాడు ఈ రోజు చేయగలిగిన సాయం ఏమిటి? ఈ మూడింటికీ జవాబు వచ్చేలా తిరగరాయడం భాషను చక్కబెట్టే పనిలా కనిపిస్తుంది గానీ, అందులో ముప్పాతిక వంతు లెక్కల పని. మెయిల్‌లో ప్రతి విశేషణం వెనకా ఒక అంకె దాక్కుని ఉంటుంది. దాన్ని బయటికి లాగాలి.

అందుకే తిరగరాసేవాళ్లు ముందు మెయిల్‌ను పక్కన పెడతారు. నెలాఖరు నాటి బ్యాంకు స్టేట్‌మెంట్, ఏ షాపు ఎంత కట్టిందో చెప్పే బిల్లింగ్ జాబితా, అకౌంటెంట్ ట్యాలీలో రాసిన ఖర్చుల లెడ్జర్, ఈ మూడూ తెప్పించుకుంటారు. ఆ తర్వాతే మెయిల్‌లోకి, ఒక్కో వాక్యం దగ్గరికి.

మొదటి వాక్యం, 500 షాపులు. జాబితా తీస్తే సాఫ్ట్‌వేర్ వాడుతున్న షాపులు 508. వాటిలో 68 ఇంకా ఉచిత ట్రయల్‌లో ఉన్నాయి. డబ్బు కడుతున్నవి 440. జులై చివర్లో ఇవి 412 ఉండేవి. ఆగస్టులో కొత్తగా 52 చేరాయి, 24 మానేశాయి. ఫౌండర్ చెప్పిన ఒక్క అంకె స్థానంలో నాలుగు వచ్చాయి. నెల మొదట్లో ఎన్ని, చేరినవి ఎన్ని, పోయినవి ఎన్ని, నెలాఖరుకు ఎన్ని. ఈ నాలుగూ కలిసి ఉన్నప్పుడే లెక్క సరిపోయిందో లేదో చదివేవాళ్లు తామే చూసుకోగలరు. 412కు 52 కలిపి 24 తీసేస్తే 440 రావాలి. వచ్చే నెల రిపోర్టు ఆ 440 దగ్గరే మొదలవ్వాలి. మొదలవకపోతే మధ్యలో ఎవరో లెక్కించే పద్ధతి మార్చారని అర్థం.

మానేసిన 24ను నెల మొదట్లో ఉన్న 412తో భాగిస్తే 5.8 శాతం. వ్యాపార భాషలో దీన్ని చర్న్ అంటారు. జులైలో ఇది 3.7 శాతం. ఒక్క నెలలో ఇంత పెరిగిందంటే ఎక్కడో ఏదో తెగిందన్నమాట. ఈ మాట మొదటి మెయిల్‌లో ఎక్కడా లేదు. వెతికితే "విజయవాడ వైపు కొంచెం నెమ్మదిగా ఉంది" అన్న వాక్యంలో దొరుకుతుంది. పోయిన 24లో 15 ఆ ప్రాంతానివే.

ఎందుకు పోయాయో తెలుసుకోవాలంటే ఆ షాపులకు ఫోన్ చేయాల్సిందే. మందుల షాపులో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టడం అంటే ముందు ఉన్న స్టాకంతా ఎక్కించాలి. అరల్లో ఉన్న ప్రతి మందుకీ బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, స్ట్రిప్పులు ఎన్ని, ఎమ్మార్పీ ఎంత అన్నవి కొట్టాలి. ఒకే మందు రెండు బ్యాచ్‌లలో ఉంటే రెండు సార్లు ఎక్కించాలి. కౌంటర్ దగ్గర రోగులు నిలబడి ఉండగా షాపు యజమాని ఒక్కడే ఈ పని చేయలేడు. పక్కన కూర్చుని చేయించే కంపెనీ మనిషి కావాలి. విజయవాడలో ఆ పని చూసే కుర్రాడు జులైలో మానేశాడు, అతని స్థానంలో ఎవరూ రాలేదు. స్టాకు సగమే ఎక్కింది. సగం ఎక్కిన స్టాకుతో బిల్లు కొడితే "లేదు" అని చూపించే మందు ఎదురుగా అరలోనే కనిపిస్తుంటుంది. అలాంటి పోగ్రాంను వారం వాడి పక్కన పడేస్తారు, నెల తిరిగాక చందా ఆపేస్తారు.

దీన్నుంచి కొత్త అంకె ఒకటి పుట్టింది. కొత్తగా చేరిన షాపుల్లో మొదటి పది రోజుల్లో స్టాకు పూర్తిగా ఎక్కించినవి ఎన్ని? జులైలో చేరిన 45లో 33, అంటే 73 శాతం. ఆగస్టులో చేరిన 52లో 31, అంటే 60 శాతం. మానేసిన షాపుల లెక్క జరిగిపోయిన సంగతి చెబుతుంది. ఈ అంకె మాత్రం రాబోయే నెలల్లో ఎంతమంది మానేస్తారో ముందే హెచ్చరిస్తుంది. మంచి రిపోర్టులో ఇలాంటి ముందస్తు అంకె ఒక్కటైనా ఉండాలి. అది ప్రతి కంపెనీకీ వేరుగా ఉంటుంది, ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ వ్యాపారం నిజంగా ఎక్కడ కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో తెలిసినవాళ్లే దాన్ని పట్టుకోగలరు.

ఇక 14 లక్షల వసూలు. అన్నిటికన్నా ఎక్కువగా మోసపోయేది ఇక్కడే, ఫౌండర్‌తో సహా.

బ్యాంకులో పడింది 14.16 లక్షలు. అందులో 18 శాతం చొప్పున వసూలు చేసిన జీఎస్టీ 2.16 లక్షలు. అది ప్రభుత్వానిది, కంపెనీ చేతిలో కొన్నాళ్లు ఉంటుంది అంతే. కంపెనీ తాను కొన్న వాటిపై కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తగ్గించుకున్నాక ఇంకా 1.80 లక్షలు కట్టాలి. నెలనెలా రిటర్ను వేసేవాళ్లయితే తర్వాతి నెల 20లోగా కట్టెయ్యాలి. కాబట్టి ఆగస్టు 31న ఖాతాలో కనిపించే 61.80 లక్షల్లో కంపెనీది 60 లక్షలే.

పన్ను పోగా వసూలు 12 లక్షలు. అదైనా ఆగస్టు సంపాదనేనా? కాదు. ఆగస్టులో కంపెనీ ఏడాది చందా ఒకేసారి కట్టే పథకం పెట్టింది. 70 షాపులు 12,000 చొప్పున కట్టేశాయి. అంటే 8.40 లక్షలు. మిగిలిన 3.60 లక్షలే 360 షాపులు నెల చందాగా కట్టినవి. ఇల్లు అద్దెకిచ్చినాయన ఏడాది అద్దె ఆగస్టులోనే తీసుకుంటే ఆ నెల జేబు నిండుతుంది గానీ ఇంటి అద్దె పెరగదు, పైగా ఆ తర్వాత పదకొండు నెలలు ఆ వాటా నుంచి పైసా రాదు. ఇక్కడా అంతే. 8.40 లక్షల్లో ఆగస్టుకు చెందేది 70,000. మిగతా 7.70 లక్షలు వచ్చే పదకొండు నెలల సేవకు ముందే తీసుకున్న అడ్వాన్సు. పాత ఏడాది చందాదారులు ఇంకో 10 మంది ఉన్నారు, వాళ్ల వాటా 10,000. మూడూ కలిపితే ఆగస్టు చందా ఆదాయం 4.40 లక్షలు. 440 షాపులు, తలా వెయ్యి. లెక్క కుదిరింది. ఈ అంకెనే స్టార్టప్‌లలో ఎమ్‌ఆర్‌ఆర్ అంటారు, నెలనెలా మళ్లీ మళ్లీ వచ్చే ఆదాయం అని.

అడ్వాన్సు తీసుకోవడం తప్పేమీ కాదు. డబ్బు త్వరగా చేతికొస్తుంది, షాపు కూడా ఏడాది పాటు నిలుస్తుంది. నా అభ్యంతరం దాన్ని నెల ఆదాయంలా చూపించడం మీదే. "ఖర్చులు దాదాపు వచ్చేసినట్టే" అన్న వాక్యం అలాగే పుట్టింది. నెల ఖర్చు 13 లక్షలు, వసూలు 12 లక్షలు, తేడా లక్షే కదా అని. చేతిలో 60 లక్షలుంటే, నెలకు లక్ష చొప్పున అరవై నెలలు వస్తాయన్నమాట!

నిజం లెక్క ఇలా ఉంటుంది. సెప్టెంబరులో అడ్వాన్సులేవీ రాకపోతే వసూలయ్యేది 360 షాపుల నుంచి 3.60 లక్షలు. ఖర్చు 13 లక్షలు. చేతి నుంచి పోయేది 9.40 లక్షలు. దీన్నే బర్న్ అంటారు. 60ని 9.40తో భాగిస్తే ఆరు నెలల పైచిలుకు. డబ్బు ఫిబ్రవరి చివరికి, మహా అయితే మార్చి రెండో వారానికి అయిపోతుంది. ఇదే కంపెనీ రన్‌వే. అరవై నెలలకూ ఆరు నెలలకూ మధ్య తేడా అంతా ఒక్క నెల అడ్వాన్సులది.

"మరి మేం పెరుగుతున్నాం కదా, దాన్ని లెక్కలోకి తీసుకోరా?" అని ఫౌండర్ తప్పకుండా అడుగుతాడు. న్యాయమైన ప్రశ్న. వై కాంబినేటర్ స్థాపకుల్లో ఒకరైన పాల్ గ్రాహం 2015లో రాసిన ఒక వ్యాసంలో సరిగ్గా దీన్నే అడిగాడు. ఖర్చు ఇలాగే ఉండి, ఎదుగుదల ఇదే వేగంతో సాగితే, చేతిలో ఉన్న డబ్బు అయిపోయేలోగా కంపెనీ లాభాల్లోకి వస్తుందా, రాదా? మన కంపెనీకి వేసి చూద్దాం. ఆగస్టులో కట్టే షాపులు 6.8 శాతం పెరిగాయి. నెలనెలా అదే 6.8 శాతం నిలిస్తే ఆదాయం 13 లక్షలకు చేరడానికి దాదాపు పదిహేడు నెలలు పడుతుంది. ఆ ఎదుగుదలను వసూళ్లలో కలుపుకున్నా డబ్బు ఏప్రిల్ నెల గడిచేదాకా రాదు. కొత్త పెట్టుబడైనా రావాలి, ఖర్చైనా తగ్గాలి. ఫౌండర్ ఈ సంగతి రిపోర్టు రాసే రోజున తెలుసుకుంటే చేతిలో ఆరు నెలలుంటాయి. జనవరిలో తెలుసుకుంటే, పెట్టుబడి కోసం వెళ్లిన చోటల్లా ఆయన అవసరాన్ని ఎదుటివాళ్లు ఇట్టే పసిగడతారు.

చివరి దశలో ఉన్న మాటల సంగతి చూద్దాం. "దాదాపు", "చివరి దశ", "ఇంచుమించు ఖాయం" అన్న మాటల్ని రిపోర్టులో ఉంచకూడదు. వాటి స్థానంలో ఇంతవరకు జరిగిన చిట్టచివరి పని ఏమిటో, తర్వాతి పని ఏ తేదీన జరగాలో రాయాలి. అడిగి చూస్తే చైన్ వాళ్లకు డెమో ఇచ్చారు, వాళ్లు ధర అడిగారు, 12 షాపుల్లో సెప్టెంబరులో పరీక్షించి చూస్తామన్నారు. కాగితం మీద ఏమీ లేదు. కాబట్టి రిపోర్టులో ఆ మూడు ముక్కలే ఉంటాయి, ఆదాయం అంచనాలో దాని వాటా సున్నా. సంతకం పడ్డ నెలలో కలుపుకుంటే సరిపోతుంది.

టెక్నాలజీ హెడ్ వెళ్లిపోవడం శుభాకాంక్షల వాక్యంలో వచ్చింది. నిజానికి అది ప్రమాదాల జాబితాలో ఉండాల్సిన విషయం. ఆయన చివరి రోజు అక్టోబరు 15. బిల్లింగ్ సర్వర్ ఎలా నడుస్తుందో ఆయనకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా తెలియదు. ప్రమాదం గురించి రాసేటప్పుడు "సవాళ్లు ఉన్నాయి, ఎదుర్కొంటాం" అంటే ఏమీ చెప్పనట్టే. ఏం జరగొచ్చు, దాన్ని దేన్ని బట్టి గుర్తిస్తాం, ఏం చేస్తున్నాం, ఎప్పటిలోగా, ఆ పని కుదరకపోతే ఏం చేస్తాం అన్నవి రావాలి. ఆ చివరి ముక్క రాయడమే అందరికీ కష్టం. కుదరకపోతే ఏం చేస్తామో రాసినప్పుడే ఫౌండర్ దాని గురించి ముందుగా ఆలోచించాడని తెలుస్తుంది. అందుకే ప్రమాదాలు మూడుకు మించకూడదు. పది రాస్తే ఏది నిద్ర పట్టనివ్వడం లేదో తెలియదు.

సాయం అడగడంలోనూ ఇదే చిక్కు. "తెలిసిన మంచివాళ్లు ఉంటే పరిచయం చేయండి" అని రాస్తే చదివిన వాళ్లలో ఒక్కరూ ఏమీ చేయరు. చేయకూడదని కాదు. ఎవరిని, దేనికి, ఎప్పటిలోగా అన్నది తామే ఆలోచించుకోవాలి, ఆ తర్వాత ఆ మనిషికి కంపెనీ గురించి తామే కూర్చుని రాయాలి. ఆఫీసు పని మధ్యలో ఫోన్‌లో మెయిల్ చూసుకునే మనిషి అంత పని పెట్టుకోడు. అడిగేది ఐదు నిమిషాల్లో అయిపోయే పని కావాలి. ఎలాంటి మనిషి కావాలో చెప్పి, ఆ మనిషికి ఉన్నది ఉన్నట్టు ఫార్వర్డ్ చేసేలా నాలుగు వాక్యాలు రాసి కింద పెట్టాలి. గత నెల ఎవరు చేసిన సాయం వల్ల ఏం జరిగిందో కూడా చెప్పాలి. అది మర్యాద మాత్రమే కాదు. తాము చేసిన పరిచయం గాలికి పోలేదని తెలిస్తే వాళ్లు మళ్లీ చేస్తారు, ఊరుకున్నవాళ్లూ కదులుతారు.

ఇదంతా అయ్యాక ఆగస్టు మెయిల్ ఇలా తయారైంది.

విషయం: ఆగస్టు రిపోర్టు. నెల ఆదాయం 4.40 లక్షలు, రన్‌వే ఆరు నెలలు, టెక్నాలజీ హెడ్ కావాలి.

అందరికీ నమస్కారం. కట్టే షాపులు 412 నుంచి 440కి పెరిగాయి. అయితే మానేసేవి కూడా పెరిగాయి, జులైలో 3.7 శాతం, ఆగస్టులో 5.8 శాతం. కారణం తెలిసింది, కింద రాశాం. డబ్బు ఫిబ్రవరి చివరి దాకా వస్తుంది, అందుకని పెట్టుబడి ప్రయత్నాలు ఈ నెలే మొదలుపెడుతున్నాం.

అంకెలు, జులై నుంచి ఆగస్టుకు:
చేరిన షాపులు 45, 52. మానేసినవి 14, 24.
నెల చందా ఆదాయం 4.12 లక్షలు, 4.40 లక్షలు (జీఎస్టీ కాకుండా, ఏడాది చందాను పన్నెండు భాగాలు చేసి).
పది రోజుల్లో స్టాకు పూర్తిగా ఎక్కించిన కొత్త షాపులు 73 శాతం, 60 శాతం.
ఖర్చు 13.10 లక్షలు, 13 లక్షలు.
నెలాఖరు సొంత నగదు 61 లక్షలు, 60 లక్షలు. ఆగస్టు వసూళ్లలో 8.40 లక్షలు ఏడాది అడ్వాన్సులు, సెప్టెంబరులో ఇవి రావని అనుకుంటున్నాం.

ప్రమాదాలు:
విజయవాడ. మానేసిన 24లో 15 ఇక్కడివే. స్టాకు ఎక్కించే మనిషి లేకపోవడమే కారణం. సెప్టెంబరు 15లోగా కొత్త మనిషిని పెడుతున్నాం. సెప్టెంబరులోనూ కంపెనీ మొత్తం మీద చర్న్ 5 శాతం దాటితే, ఉన్న షాపుల స్టాకు పూర్తయ్యేదాకా అక్కడ కొత్త అమ్మకాలు ఆపుతాం.
టెక్నాలజీ హెడ్ అక్టోబరు 15న వెళ్తున్నారు. బిల్లింగ్ సర్వర్ పనంతా సెప్టెంబరు 30లోగా ఇద్దరు ఇంజినీర్లకు అప్పగిస్తున్నారు.
నగదు. నవంబరు 30కి రాతపూర్వకంగా పెట్టుబడి ఖాయం కాకపోతే డిసెంబరు నుంచి నెల ఖర్చు 9 లక్షలకు తగ్గిస్తాం. అప్పుడు ఉన్న డబ్బు మే చివరి వరకు వస్తుంది.

మీ నుంచి కావలసినవి:
బిల్లింగ్ లేదా పేమెంట్ల సాఫ్ట్‌వేర్ మీద ఆరేళ్లకు పైగా పనిచేసి, హైదరాబాద్‌లో ఉండగల ఇంజినీర్. ఫార్వర్డ్ చేయడానికి నోట్ కింద ఉంది. సెప్టెంబరు 20లోగా.
విజయవాడ, గుంటూరుల్లో మందుల హోల్‌సేల్ డిస్ట్రిబ్యూటర్ ఒకరితో పదిహేను నిమిషాల ఫోన్.
వచ్చే విడతలో మళ్లీ పెట్టే ఆలోచన ఉందో లేదో, ఉంటే సుమారు ఎంతో, సెప్టెంబరు 30లోగా ఒక్క వాక్యం. లేదన్నా పర్వాలేదు, మాకు తెలియాలి.

కృతజ్ఞతలు: గత నెల మీలో ఒకరు పరిచయం చేసిన ఖమ్మం డిస్ట్రిబ్యూటర్ ద్వారా 9 షాపులు చేరాయి. వరంగల్ టీం ఈ నెల తెచ్చిన షాపుల్లో స్టాకు ఎక్కించడం ఒక్కటీ ఆగలేదు.

ఫోన్‌లో రెండు మూడు సార్లు తెర జరిపితే అయిపోతుంది. మొదటి మెయిల్‌లోని ఉత్సాహం పూర్తిగా పోయిందా అంటే, నేను పోలేదనే అంటాను. వరంగల్ టీం వాక్యం చూడండి. మొదట అది మెచ్చుకోలు, ఇప్పుడు ఆ టీం చేసిన పని ఏమిటో తెలుస్తోంది. ఫౌండర్ గొంతు ఇంకొంచెం వినిపించాలనుకుంటే రెండు వాక్యాలు కలుపుకోవచ్చు, చివర్లో.

బ్రాకెట్లో రాసిన ఆ చిన్న ముక్క, జీఎస్టీ కాకుండా, ఏడాది చందాను పన్నెండు భాగాలు చేసి అన్నది, రిపోర్టు మొత్తానికీ ఆయువుపట్టు. ప్రతి అంకెకూ ఒక నిర్వచనం ఉండాలి, అది నెలనెలా మారకూడదు. చదివేవాళ్లు అనుమానించాల్సిన గుర్తులు కూడా ఇక్కడే దొరుకుతాయి. మొన్నటిదాకా కట్టే షాపులు చెప్పిన మెయిల్ ఒక నెల ఉన్నట్టుండి యాప్ డౌన్‌లోడ్ల గురించి చెబితే, కట్టే షాపులు తగ్గి ఉంటాయి. గ్రాఫు నెలనెలా లెక్కను వదిలి మొదటి రోజు నుంచి ఇప్పటిదాకా మొత్తాన్ని చూపిస్తే ఆ గీత ఎప్పుడూ పైకే పోతుంది, షాపులన్నీ మానేస్తున్నా సరే. "300 శాతం ఎదిగాం" అని అసలు అంకె చెప్పకపోతే, రెండు షాపులు ఎనిమిది అయ్యాయేమో అడగాలి. పాత నెల అంకె తప్పని తేలితే గుట్టుగా దిద్దకుండా, పాతదీ కొత్తదీ పక్కపక్కన వేసి కారణం ఒక వాక్యంలో రాయాలి. దానివల్ల నమ్మకం తగ్గదు.

ఇక పంపాల్సిన తేదీ. నెల మొదటి వారంలో బ్యాంకు లెక్క, బిల్లింగ్ జాబితా సరిచూసుకోవడం అవుతుంది కాబట్టి 7 లేదా 10 అనువుగా ఉంటుంది. ఏ తేదీ అయినా ఒకటే ఉండాలి. మంచి నెలల్లో ఠంచనుగా మూడో తేదీకి వచ్చి, చెడ్డ నెలల్లో ఇరవై దాటినా రాకపోతే, ఆ ఆలస్యమే అసలు వార్తని అనుభవం ఉన్న ఇన్వెస్టర్లకు తెలుసు.

ఈ రిపోర్టు చట్టం అడిగేది కాదు. బోర్డు సమావేశాలు, వార్షిక లెక్కల విషయం 2013 కంపెనీల చట్టం చూసుకుంటుంది. పెట్టుబడి తీసుకున్నప్పుడు రాసుకునే వాటాదార్ల ఒప్పందంలో నెలనెలా లెక్కలివ్వాలని ఉంటే అది వేరే బాధ్యత. మన దగ్గర దాన్ని ఎమ్‌ఐఎస్ అంటారు, ఎక్సెల్ షీట్ల రూపంలో అకౌంటెంట్ పంపుతాడు. మెయిల్ రిపోర్టు దానికి బదులు కాదు. కానీ రెండింటిలో అంకెలు ఒకటే కావాలి. మెయిల్‌లో 4.40 లక్షలుండి షీట్‌లో 12 లక్షలుంటే ఎందుకో చెప్పగలగాలి.

ఇందులో రాయకూడనివీ ఉన్నాయి. మెయిల్ ఒకసారి వెళ్లాక ఎవరెవరికి చేరుతుందో ఫౌండర్ చేతుల్లో ఉండదు. ఇన్వెస్టర్లలో ఒకరికి పోటీ కంపెనీలోనూ వాటా ఉండొచ్చు. అందుకే పైన చైన్ పేరు లేదు, అసలు ఆ ప్రస్తావనే రాలేదు. దాని గురించి రాయడానికి 12 షాపుల పరీక్ష ముగిసేదాకా ఆగాలనుకున్నారు. ఉద్యోగుల జీతాలు, వ్యక్తిగత కారణాలు, షాపుల్లో రోగులు కొన్న మందుల వివరాలు ఏ రూపంలోనూ రాకూడదు.

కొన్ని విషయాలు మెయిల్‌లో రాయొచ్చు గానీ, మెయిల్ ద్వారా మొదటిసారి తెలియకూడదు. టెక్నాలజీ హెడ్ వెళ్తున్న సంగతి అలాంటిదే. కంపెనీలో ఎక్కువ డబ్బు పెట్టిన ఇద్దరు ముగ్గురికి ఫౌండర్ ముందురోజే ఫోన్ చేసి చెప్పాలి. వాళ్లు అడిగే ప్రశ్నలు వింటే రిపోర్టులో ఇంకా ఏం తక్కువైందో తెలుస్తుంది. పైన "ఇద్దరు ఇంజినీర్లకు అప్పగిస్తున్నారు" అన్న వాక్యం అలాంటి ఫోన్‌లో వచ్చిన ప్రశ్నకు జవాబుగానే చేరింది. అంతకు ముందు అక్కడ తేదీ ఒక్కటే ఉండేది.